పప్పు గిన్నె లోతు

మధ్యాహ్నం వడ్డన ముగిసింది. అంట్లు నానబెట్టి చేతులు తుడుచుకుంటున్న పెద్దమ్మ ముందు ఆఫీసు మేనేజర్ తన ఫోన్ పెట్టాడు. అందులో ఒక భోజనం పళ్లెం ఫొటో ఉంది. మధ్యలో తెల్లగా అన్నం, చుట్టూ చిన్న గిన్నెల్లో పప్పు, బంగాళాదుంప కూర, పెరుగు, అంచున రెండు కీరా ముక్కలు.

"ఇది మన పళ్లెమేనా పెద్దమ్మా?"

"పళ్లెం మనదే. ఫొటో ఎవరిది?"

"అది చెప్పను. మన శాకాహారం పళ్లెం తిన్నా సాయంత్రానికి కళ్లు తిరుగుతున్నాయని ఒకరు ఫిర్యాదు చేశారు. డైటీషియన్ గారికి ఇది పంపాను. ఆవిడ చాలు అంటే నువ్వే వండు. చాలదంటే వచ్చే నెల నుంచి డబ్బా భోజనాల కంపెనీని పిలుస్తాను."

పెద్దమ్మను ఆ ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు. ఆ వంటిల్లు ఆమె చేతికి వచ్చి చాలా ఏళ్లయింది. ఆమె, ఆమె మరిది, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు దాని మీదే బతుకుతున్నారు. మేనేజర్ వెళ్లాక ఆమె వడ్డించే గరిటె కడగడం మొదలుపెట్టి, కడిగిందాన్నే మళ్లీ కడిగింది.

"ఎవరో మన మీద గురి పెట్టారు," అంది.

"నా అనుమానం ఆ కళ్లజోడు కుర్రాడి మీద," అన్నాడు మరిది. "రోజూ పప్పులో గరిటె తిప్పి కింద నుంచి వెయ్యమంటాడు. పోలీసు వెతికినట్టు వెతుకుతాడు."

"నీకు అందరూ దొంగలే."

"నాకు కాదు వదినా. నువ్వే ఇందాకటి నుంచి తలుపు వంక చూస్తున్నావు."

మర్నాడు వడ్డించేటప్పుడు పెద్దమ్మ కళ్లు పళ్లేల మీద లేవు, చేతుల మీద ఉన్నాయి. ఎవరు ఫోన్ తీసినా ఆమె గరిటె గాల్లోనే ఆగింది. ఒకతను పళ్లెం పక్కన ఫోన్ పెట్టుకుని క్రికెట్ చూసుకుంటుంటే, వెనక నుంచి వెళ్లి తొంగి చూసింది. అతను భయపడి పెరుగు ఒలకబోసుకున్నాడు.

ఆ సాయంత్రమే డైటీషియన్ వచ్చింది. వయసులో పెద్దమ్మ కూతురంత ఉంటుంది. చేతిలో చిన్న తూకం ఉంది. ఫొటోను ఫోన్‌లో పెద్దది చేసి బల్ల మీద పెట్టింది.

"స్పూన్ కనపడుతోంది కాబట్టి గిన్నెల వెడల్పు తెలుస్తోందండీ. ఎంత లోతో తెలియట్లేదు. పైనుంచి తీసిన ఫొటోతో వచ్చే చిక్కే ఇది. నిండు గిన్నె, సగం గిన్నె ఒకేలా ఉంటాయి."

"నిండుగానే వేస్తాం."

"ఉండొచ్చు. పప్పు గట్టిదా నీళ్లదా అన్నది కూడా ఫొటో చెప్పదు. మీరు ఒక కుండలో కందిపప్పు ఎంత పోస్తారు? దాన్ని ఎంతమందికి వడ్డిస్తారు?"

పెద్దమ్మ మరిది వంక చూసింది. మరిది సీలింగ్ ఫ్యాన్ వంక చూశాడు. అలా కొలతలు అడిగేది పోటీ కంపెనీవాళ్లేనని పెద్దమ్మకు గట్టి నమ్మకం. ఈ పిల్ల ఎవరి తరఫున వచ్చిందో ఎవరికి తెలుసు?

"కొలతలు మా ఇంటి గుట్టు. చెప్పను," అంది.

"చెప్పకపోతే నాకు కనపడేదాన్నిబట్టే రాయాలి."

"రాయండి. మా పళ్లేలు కడిగినట్టు తిరిగొస్తాయి. ఎవరూ మెతుకు వదలరు. చాలకపోతే అలా తింటారా?"

డైటీషియన్ నవ్వలేదు. "ఖాళీ పళ్లెం రుచి సంగతి చెబుతుందండీ. బలం సంగతి చెప్పదు. బంగాళాదుంప ఎవరు వదులుతారు? ఈ పళ్లెంలో అన్నం, దుంప, రెండూ పిండి పదార్థమే. కూరగాయలంటే రెండు కీరా ముక్కలు. పప్పు పల్చనైతే మొత్తం కలిపి మాంసకృత్తులు పద్నాలుగు గ్రాములు కూడా రావు. పీచు అయిదు గ్రాముల లోపే. కూర్చుని పని చేసే మనిషికైనా మధ్యాహ్నానికి మాంసకృత్తులు ఇరవై దాకా ఉండాలి, పీచు ఎనిమిది పది ఉండాలి."

"పద్నాలుగైతే ఏం, ఇరవై అయితే ఏం? కడుపు నిండాలి గాని."

"కడుపు నిండుతుంది. గంటలో మళ్లీ ఆకలేస్తుంది, సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి. ఫిర్యాదు అదే కదా."

ఆమె మళ్లీ ఫొటో మీదికి వంగింది. పప్పు గిన్నె దగ్గర వేలితో లాగి ఇంకా పెద్దది చేసింది. ఉన్నట్టుండి ఆమె ముఖం మారింది.

"ఇటు చూడండి. పప్పు ఉన్న చోటికి వేలెడు పైన గిన్నెకు పసుపు గీత ఉంది."

పెద్దమ్మ ముక్కు ఫోన్‌కు తగిలేంత దగ్గరికి వచ్చింది. నిజమే. పప్పు మొదట అక్కడిదాకా ఉండి తర్వాత తగ్గినట్టు గిన్నె లోపల చుట్టూ గీత ఉంది.

"అంటే నేను నిండుగానే వేశాను."

"అవును. ఫొటో తీసేముందు ఎవరో తగ్గించారు."

"చూశారా," అంది పెద్దమ్మ. ఆమె గొంతు ఒక్కసారి లేచింది. "సగం తాగేసి, చాలలేదని ఫొటో తీశారు. నేను చెప్పలా? ఇది కావాలని పన్నిన పన్నాగం."

డైటీషియన్‌కు కూడా అనుమానం పుట్టింది. ఆమె మేనేజర్‌కు ఫోన్ చేసి, తీసినవాళ్లు ఎవరో తెలియకుండా రాయలేనని చెప్పింది. అవతలివైపు కాసేపు నసిగాడు. చివరికి చెప్పాడు. పై అంతస్తులో స్టోర్స్ చూసే అమ్మాయి.

పెద్దమ్మ మెట్లు ఎక్కిన వేగానికి డైటీషియన్ వెనకబడిపోయింది. స్టోర్స్ గదిలో అట్టపెట్టెల మధ్య చిన్న బల్ల, దాని వెనక సన్నగా ఒక అమ్మాయి. ఈ అమ్మాయి రోజూ అందరికన్నా ముందు వచ్చి, పళ్లెం పట్టుకుని వెళ్లిపోవడం పెద్దమ్మకు గుర్తుంది. ఎక్కడ తింటుందో ఎప్పుడూ అడగలేదు.

"ఏమ్మా, నా పప్పు తాగేసి ఫొటో తీశావా?"

అమ్మాయి లేచి నిలబడింది. "తాగలేదు పెద్దమ్మా."

"మరి గిన్నెకు ఆ గీత ఏంటి?"

"సరుకు బండ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. ఈ గది వదిలి కిందే కూర్చుని తినడానికి లేదు. పళ్లెం పట్టుకుని ఇన్ని మెట్లు ఎక్కుతుంటే పప్పు ఒలికి అన్నమంతా తడిసిపోతోంది. ఒకసారి చీర మీద కూడా పడింది. అందుకే కిందే చేతులు కడిగే తొట్లో సగం పారబోసి తెచ్చుకుంటాను."

"పారబోస్తావా?"

"ఏం చెయ్యమంటారు? నీళ్లలా ఊగుతుంది."

అమ్మాయిని పట్టుకుందామని వచ్చిన పెద్దమ్మ తానే దొరికిపోయింది. డైటీషియన్ ఆమె వైపు చూడకుండా నెమ్మదిగా అంది.

"గట్టి పప్పు అయితే ఒలకదండీ."

పెద్దమ్మ ఒక అట్టపెట్టె మీద కూర్చుంది.

"జనం ఎంతమంది వస్తారో ఏ రోజూ తెలియదు," అంది. "వరస పెరిగితే మా మరిది ఒక చెంబు నీళ్లు పోస్తాడు. ఇంకా పెరిగితే ఇంకో చెంబు. చివరివాడికి లేదని చెప్పలేను." తర్వాత కందిపప్పు కొలత, మామూలుగా వచ్చే జనం లెక్క రెండూ చెప్పేసింది.

డైటీషియన్ మనసులో లెక్కేసుకుంది. "నీళ్లు పోయకముందు మీ పప్పు బాగానే ఉంది. నిండు గిన్నె గట్టిగా ఇస్తే మాంసకృత్తులు ఏడు గ్రాముల దాకా వస్తాయి. పోసిన తర్వాత నాలుగు. ఈ అమ్మాయికి రెండే."

"అయితే చాలదని రాస్తారా?"

"ఈ ఫొటోలో ఉన్న పళ్లెం చాలదు. అబద్ధం రాయలేను. కానీ మేనేజర్ గారిని ఇంకో ఫొటోకి గడువు అడుగుతాను. ఏ రోజు వస్తానో చెప్పను. పళ్లెం ఇక్కడ, ఈ బల్ల మీదికి వచ్చాకే చూస్తాను."

"ఎందుకు చెప్పరు? నన్ను నమ్మరా?"

"మీరు నన్ను నమ్మారా?"

మరిదికి ఆ రాత్రి నుంచి పని పెరిగింది. శనగలు నానబెట్టడం, పొద్దున్నే ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించడం. అలా చేస్తే కడుపు ఉబ్బరం తగ్గుతుందని డైటీషియన్ చెప్పింది. ఒక రోజు శనగలు, ఒక రోజు బొబ్బర్లు, ఒక రోజు రాజ్మా. బంగాళాదుంప వారానికి ఒక్కసారే, అదీ బఠాణీలతో కలిపి. ఒక గరిటె అన్నం తగ్గించి, ఆ చోటులో క్యాబేజీయో క్యారెట్టో ఆకుకూరో పెట్టారు. జనం పెరిగినప్పుడు పోసే చెంబు నీళ్లకు బదులు, వేరే కుక్కర్‌లో ఇంకాస్త పప్పు సిద్ధంగా ఉంచారు.

మొదటి రోజు కళ్లజోడు గరిటె తిప్పించుకుని, "ఏంటి పెద్దమ్మా, ఇవాళ పైనా కిందా ఒకటే ఉంది. ఏం కలిపారు?" అన్నాడు.

"విషం," అన్నాడు మరిది.

కొంతమంది దుంప ఏదని గొణిగారు. కొన్ని పళ్లేలు శనగలతో తిరిగొచ్చాయి. పెద్దమ్మ వాటిని చూసి ఆ పూట అన్నం తినలేదు. తర్వాత ఉప్పు, పులుపు సరిచేసింది. మిగలడం తగ్గింది.

డైటీషియన్ రాలేదు. మరుసటి రోజూ రాలేదు. డబ్బా భోజనాల కంపెనీ మనిషి మాత్రం ఒకసారి వచ్చి మేనేజర్ గదిలో చాలాసేపు కూర్చుని వెళ్లాడు. బయటికొస్తూ వంటింటి కొలతలు తీసుకుంటున్నట్టు గోడలు చూశాడు. ఇక ఆ పిల్ల రాదని, అంతా ముందే తేలిపోయిందని పెద్దమ్మ అనుకుంది. అయినా శనగలు నానబెట్టడం మానలేదు.

తర్వాతి వారం వడ్డన మొదలైన కాసేపటికి ఆడవాళ్లలో ఒకామె పరుగున వచ్చి చెప్పింది. డైటీషియన్ పైన ఉందట, ముందు నుంచే. పెద్దమ్మ గరిటె మరిది చేతిలో పెట్టి మెట్లెక్కింది.

స్టోర్స్ బల్ల మీద పళ్లెం ఉంది. డైటీషియన్ పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసింది. ఒక్కో గిన్నె తూకం మీద పెట్టి చూసింది. పప్పు గిన్నె కొద్దిగా వంచింది. పప్పు నెమ్మదిగా కదిలింది.

"పప్పు ఏడు. శనగలు ఎనిమిది. పెరుగు మూడున్నర. అన్నం నాలుగు. ఇరవై దాటింది. పీచు కూడా పది దాటింది, ఎక్కువ శనగల వల్లే." ఆమె ఆగింది. "కానీ ఒక్క ఫొటో ఒక్క రోజుదే. రోజూ ఇవే శనగలైతే?"

"నిన్న బొబ్బర్లు," అంది పెద్దమ్మ గబుక్కున.

"మిమ్మల్ని అడగట్లేదండీ."

స్టోర్స్ అమ్మాయి మెల్లగా తన ఫోన్ తీసి చూపించింది. అందులో రోజుకొక పళ్లెం ఉంది. బొబ్బర్లు, రాజ్మా, బఠాణీలు. పక్కన ఎర్రగానో పచ్చగానో ఏదో ఒక కూర. పెద్దమ్మ అవి చూసి అమ్మాయి ముఖంలోకి చూసింది.

"రోజూ తీశావా?"

"ఒక్కరోజు పెట్టి మళ్లీ మానేస్తారేమోనని."

డైటీషియన్ మేనేజర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "ఇప్పుడున్న పళ్లెం చాలండీ. మాంసకృత్తులు, పీచు, రకాలు అన్నీ సరిపోయాయి. అలాగే రాస్తాను."

"ఖాయమేనా?" అంది మేనేజర్ గొంతు. "డబ్బావాళ్లకి వద్దని చెప్పెయ్యమంటారా?"

"చెప్పెయ్యండి. అయితే నా లెక్క పళ్లెంలో ఉన్నదంతా తింటేనే. పెట్టినంత మాత్రాన బలం రాదు."

ముగ్గురూ పళ్లెం వైపు చూశారు. అమ్మాయి ఇంకా చెయ్యి కూడా పెట్టలేదు.

"తిను," అంది పెద్దమ్మ.

"మీరిద్దరూ ఇలా నిలబడి చూస్తుంటే ముద్ద ఎలా దిగుతుంది పెద్దమ్మా?"

డైటీషియన్ తూకం సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. పెద్దమ్మ అట్టపెట్టెల వైపు తిరిగి, వాటి మీది అక్షరాలు చదువుతున్నట్టు నిలబడింది. వెళ్లలేదు.