రెండో ఏడు

ఫాతిమా బేగం కోడలిని నలభై రోజులు గడప దాటనివ్వలేదు. పురిటి స్నానం అయిన మరునాడు తాహెరా, పిల్లను అత్తకు అప్పజెప్పి, గోడ అవతలి అరుణ ఇంటికి పోయింది.

మట్టెవాడలో ఆ రెండిళ్లకు గోడ ఒకటే. తాహెరా, అరుణ ఇద్దరూ పెళ్లయ్యాక సాయంత్రం కాలేజీలో బి.ఏ.కు చేరారు. ఎండాకాలంలో పాత పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని, పౌరశాస్త్రంలో ఒక్కో పాఠానికి సారాంశం ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఒకరు చదివి చెప్తే ఇంకొకరు రాసేవారు. ఆ నోటుపుస్తకం ఒకటే, ఒక వారం ఈ ఇంట్లో, ఒక వారం ఆ ఇంట్లో ఉండేది.

అరుణ వంటింట్లోంచే, "పుస్తకం అల్మారల ఉన్నది, తీస్కో తాహెరా. ప్రాథమిక హక్కులు చూడు, శాన మారినయ్" అంది.

తాహెరా ఆ పాఠం తెరిచింది. పేజీ నిండా ఆకుపచ్చ సిరా.

'ప్రాథమిక హక్కులు ఏడు' అన్నచోట ఏడు మీద గీత, పైన ఆరు. జాబితాలో ఆస్తి హక్కు మీద ఒక గీత. అంచున సన్నగా: '44వ సవరణ. 1979 జూన్ నుంచి. ఇప్పుడు మామూలు చట్టబద్ధ హక్కు మాత్రమే, 300ఎ అధికరణం చూడు.' అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. అవి అరుణవి కావు.

"ఎవలు రాసిన్రక్కా?"

"పద్మ. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైలుకొస్తది, కొత్తగ చేరింది. సారంగపాణి సారు చెప్పంగనే అక్కడికక్కడ్నే దిద్దిందే. మంచి హుషారు పిల్ల."

 తాహెరా కళ్లు పేజీ కిందికి పోయాయి. ఏడు హక్కులు గుర్తుండడానికి ఇద్దరూ కలిసి కట్టుకున్న వాక్యం అక్కడుంది. సమానత్వం, స్వాతంత్ర్యం, పీడన నిరోధం, మతం, సాంస్కృతికం, ఆస్తి, రాజ్యాంగ పరిహారం: ఒక్కోదాని మొదటి అక్షరం పట్టుకుని, 'సమ్మమ్మ స్వాములను పీట మీద మర్యాదగా సాంబారు ఆరగింప రారమ్మంది.' సమ్మమ్మ అరుణ అత్త. వాకిట్లో కూర్చున్న ఆమెకు వినపడకుండా నోళ్లు మూసుకుని నవ్వుకున్న వాక్యమది. ఇప్పుడు 'ఆరగింప' మీద ఆకుపచ్చ గీత ఉంది. 'సాంబారుకు రారమ్మంది' అట.

"ఇది గూడ చెప్పినవా ఆమెకు?"

"చెప్పకుంటే ఎట్ల దిద్దుతది? పడి పడి నవ్వింది. ఒక్క మాట తీస్తే సాలు, వాక్యం వాక్యం లెక్కనే ఉంటదన్నది."

"మంచిగున్నది," అని తాహెరా పుస్తకం చంకన పెట్టుకుంది. "ఈ వారం నాదే కద."

ఇంటికి వచ్చి పిల్లకు పాలిచ్చి పడుకోబెట్టి, కొత్త తెల్ల కాగితాలు తీసింది. పాఠమంతా తన చేత్తో మళ్లీ రాసేద్దామనుకుంది. కొట్టివేతలు లేకుండా శుభ్రంగా ఉంటుందని తనకు తాను చెప్పుకుంది కానీ, ఆ గుండ్రటి అక్షరాలు ఇక కనపడకూడదన్నదే ఆమె పట్టుదల. లోపల పేజీల్లో అక్కడక్కడా గుండుసూదులతో ఆకుపచ్చ సిరా చీటీలు గుచ్చి ఉన్నాయి. వాటిని చదవకుండానే పీకి, సూదుల డబ్బాలో పడేసింది.

ఫాతిమా బేగం బియ్యం చాట ముందేసుకుని ఓరకంట చూసింది. "ఏం రాస్తానవ్ బేటీ? రాసిందే కద అది."

"గీతలు కొట్టి ఖరాబు చేసిన్రమ్మీ."

"కూరల ఉప్పు తక్కువైతే ఇంత ఉప్పేస్తరు. కూర పారబోసి మళ్ల పొయ్యి ముట్టిస్తరా ఎవలన్న? బాలింతవు, నడుం పోతది."

"నాకేం ఫికర్ లేదు."

రెండు మధ్యాహ్నాలు రాసింది. మొదటి పేజీలో గీత కొట్టింది వదిలి, ఆరు హక్కులే రాసింది. తర్వాతి పేజీలు ఆమెకు కంఠతా వచ్చినవే. నాలుగో పేజీ, స్వాతంత్ర్యపు హక్కు, పందొమ్మిదో అధికరణం: 'ఇందులో స్వేచ్ఛలు ఏడు.' వాక్కు, సమావేశం, సంఘం, సంచారం, నివాసం, ఆస్తి, వృత్తి. ఎండాకాలంలో ఎట్లా రాశారో అట్లాగే ఎక్కించింది. సారు ఆ మార్పులు చెప్పిన రోజు క్లాసులో ఉండి ఉంటే చేయి ఆగేదేమో.

సోమవారం సాయంత్రం కాలేజీ మెట్ల మీద తెల్ల కాగితాలను అరుణ చేతిలో పెట్టింది. పక్కనే రెండు జడల పద్మ నిలబడి ఉంది. "నమస్తే అక్కా, పాప మంచిగున్నదా?" అంది. తాహెరా తల ఊపి, అరుణతోనే మాట్లాడింది. "కొత్తగ రాసిన. దీన్నే చదువు. పాతది గజిబిజి."

"బాలింతవు నీకెందుకే గీ పని," అంటూనే అరుణ ముచ్చటపడి, క్లాసు మొదలయ్యేదాకా ఆ కాగితాలే తిప్పింది. తాహెరా ఆమె పక్కన కూర్చుంది. పద్మ వెనక బల్లకు పోయింది. చాలా రోజుల తరువాత తాహెరా ఊపిరి తేలికైంది.

సారంగపాణి గారు వచ్చీ రాగానే నోటి పరీక్ష పెట్టారు. "అరుణా, పందొమ్మిదో అధికరణం కింద స్వేచ్ఛలెన్నమ్మా?"

అరుణ లేచింది. ఒక క్షణం ఆగి బల్ల మీద కాగితం వైపు చూసింది. "ఏడు సార్."

"పోయిన నెల గొంతు చించుకుని చెప్పిన గదా. ఆస్తి హక్కు పోయినప్పుడు, ఇక్కడున్న ఆస్తి స్వేచ్ఛ ఒక్కటే ఎట్ల మిగులుతదమ్మా? రెండు చోట్లా ఏడు ఆరైంది. ముందు బల్లల కూసోని వినేది ఇదేనా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అరుణ ముఖం కందిపోయింది. ఇద్దరు పిల్లల తల్లి, చిన్నపిల్లల మధ్య నిలబడి ఉంది. 

ఇంటికి పోవడానికి ఇద్దరూ రిక్షా ఎక్కారు. చౌరస్తా దాటాక అరుణ మెల్లగా అంది. "నాకు ఆరనే యాదికొచ్చింది. నీ కాగితం చూసి, నేనే తప్పనుకున్న. తాహెరా రాసిందంటే కరెక్టే ఉంటది కద అని."

తాహెరా రిక్షా కడ్డీ పట్టుకుంది.

"నాలుగో పేజీ మీద చీటీ ఉండె. ఏం చేసినవ్?"

"పీకిన."

"సదివినవా?"

"లే."

"ఎందుకు?"

 రిక్షా ఎత్తు ఎక్కుతుంటే తాహెరా అంది. "ఆమె రాత అక్కా. మన పుస్తకంల ఆమె రాతెందుకు? నేను లేని నలభై రోజులల్ల సమ్మమ్మత్త ముచ్చట గూడ ఆమెకు చెప్పుకుంటివి."

అరుణ ఆమె వైపు తిరిగి చూసింది. కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో తెలియలేదు.

"ఆకుపచ్చ సిరతోని రాయుమన్నది నేనే. నువ్వు లేచి వచ్చినంక పాఠమంత మళ్ల సదవొద్దు, కొత్తదేదో పాతదేదో చూడంగనే తెల్వాలె అని. నా రాతైతే పాతదాంట్ల కలిసిపోతది. నీ కోసం చేస్తే, నువ్వు పీకి పారేస్తివి."

తాహెరా తలొంచుకుంది. సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు కింద ఇంకా ఏదో గుచ్చుతూనే ఉంది. తన కోసమే అయినా, రాసిన చేయి ఆ పిల్లదే.

"పారెయ్యలే. ఉన్నయ్. ఇయ్యాలనే మళ్ల గుచ్చుత."

"తెల్ల కాగితాలో?"

"పొయ్యిల ఏస్త."

రిక్షా మట్టెవాడ మలుపు తిరిగింది. అరుణ అంది: "ఆదివారం పద్మ మా ఇంటికొస్తనన్నది. ఆదేశిక సూత్రాల పాఠంల గూడ ఆస్తి హక్కుతోని పోలిక ఉన్నదట, అది దిద్దాలె. నీకిష్టం లేకుంటే మేమిద్దరం చూస్తం."

ఆ 'మేమిద్దరం' తాహెరా చెవిలో పడి అక్కడే నిలిచింది.

"మీ ఇంట్ల ఎందుకు," అంది, కిందికి దిగుతూ. "మా ఇంటికే తోల్కరా. చాయ్ పెడుత. పిల్ల గూడ నా కండ్ల ముందే ఉంటది."

"ఏ పిల్ల?" అంది అరుణ.

తాహెరా తలుపు తోసుకుని లోపలికి పోయింది.