పచ్చిపులుసు లేని మెస్

రాజలింగం పనిచేసే మగ్గాల షెడ్డు కరోనా రెండో దెబ్బకు మూతపడింది. భార్య విజయరాణి మెస్ పెడదామంది. అది నడవకపోతే ఇరవై ఏళ్ల సూరత్‌కు దండం పెట్టి ఊరికి బండెక్కడమే.

కూతురు సంధ్య చుట్టుపక్కల నాలుగు మెస్‌ల మీద జనం ఫోన్‌లో రాసిన ఫిర్యాదులు చదివి వినిపించింది. పప్పులో చక్కెర. కారం అడిగితే నవ్వారు. పులుసు అంటే ఏంటో తెలియదు.

"చాలు బిడ్డా! మన పచ్చిపులుసు పెడ్తే ఎగబడి వస్తరు," అంది విజయరాణి. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే బోర్డు మీద ఏం రాయించాలో ఆలోచిస్తోంది.

"ఇది ఇను. 'ఇది పులుసు కాదు, నల్లా నీళ్లు. మా విజయక్క చేతిది తాగి చూడుండ్రి.' రాసింది గంగారాం మామ."

విజయరాణి పకపకా నవ్వింది. గంగారాం పక్క మగ్గం మనిషి. ప్రతి ఆదివారం వాళ్లింట్లోనే భోజనం, పచ్చిపులుసు మూడుసార్లు పోయించుకునేవాడు. మొదటి లాక్‌డౌన్‌లో శ్రామిక్ రైలెక్కి సిరిసిల్ల వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్లు తుడుచుకుంది.

"అమ్మా, తారీఖులు చూడవే," అంది సంధ్య మెల్లగా. "కారం లేదన్నోళ్లందరు రెండేండ్ల కిందట రాసిండ్రు. వాళ్లంత మన తెలుగోళ్లు, లాక్‌డౌన్‌ల ఊర్లకు పోయిండ్రు. ఈ ఏడు రాసినోళ్లది ఒక్కటే మాట. రాత్రి షిఫ్ట్ పొద్దుగాల ఏడింటికి విడుస్తరు, మెస్‌లు తొమ్మిదింటికి తెరుస్తరు."

విజయరాణికి కోపమొచ్చింది. తన పులుసును కాదంటే తనను కాదన్నట్టే. అయినా మర్నాడు ఏడింటికి, ఇంకా నడుస్తున్న షెడ్ల గేటు దగ్గర నిలబడి చూసింది. రాత్రంతా మగ్గం నడిపిన ఒడియా, బిహారీ మనుషులు చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తిని, అదే భోజనమన్నట్టు గదులకు నడుస్తున్నారు.

మెస్ ఆరున్నరకే తెరిచింది. వేడి అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర. పచ్చిపులుసు మానేసింది. వారం తిరిగేసరికి బెంచీలు చాలలేదు. రాజలింగం గరిటె పట్టుకున్నాడు. ఊరి ప్రయాణం ఊసే లేదు.

నెల చివర సంధ్య ఫోన్ చూస్తూ ఆగిపోయింది. అన్నీ ఐదు స్టార్లే, ఒకటి తప్ప. సంధ్య పంపిన ఫోటోలు సిరిసిల్లలో కూర్చుని చూసి గంగారాం ఒకే ఒక్క స్టార్ ఇచ్చాడు.

"పచ్చిపులుసు లేదు. విజయక్క మెస్‌ల పచ్చిపులుసు లేకపోవుడేంది?"

"ఏం రాయమంటవే జవాబు?"

విజయరాణి అప్పటికే చింతపండు నానేస్తోంది.

"ఆదివారం చేస్త, రమ్మని రాయి."