ఎడమ పక్క ఉబ్బు

మస్కట్‌లో ఉన్న గంగారాం, భార్య కోమల పంపిన ఆవు ఫోటో చూసి ఫోన్‌లో నవ్వాడు. "మంచిగ బలిసింది గదా! గీ దానికి డాక్టరెందుకు?"

ఆ ఇంటికి పాడి ఆ ఒక్క ఆవే. పొద్దున పెళ్లిలో మిగిలిన అన్నం గంపెడు దానికి పెట్టింది కోమలే.

"ఇన్నవా పిల్లా, నీ మొగడే చెప్పిండు. వాము నీళ్లు తాపుదాం," అంది అత్త ఐలవ్వ.

"బలిస్తే తొంటి బొక్కలు గట్ల తేలుతయా? తోక మొదట్ల గుంత చూడు," అంది కోమల భర్తతో. "ఎడమ పక్కనే డోలు లెక్క లేచింది. నెమరేస్తలేదు, మెడ చాపి సొల్లు కారుస్తుంది."

"నాకు తెల్వదా?" అన్నాడు గంగారాం.

"నీకు ఫోటో కనబడ్తుంది, నాకు ఆవు కనబడ్తుంది." ఫోన్ పెట్టేసి, వెనక నుంచి ఇంకో ఫోటో తీసి లక్సెట్టిపేట పశువుల డాక్టరుకు పంపింది.

"నోట్ల ఏం పొయ్యకు, నిలబెట్టే ఉంచు. వస్తున్న," అన్నాడాయన ఫోన్‌లో.

ఐలవ్వ చెంబు పట్టుకొని వచ్చింది. కోమల అడ్డంగా నిలబడింది. "పొయ్యనియ్య, అత్తా."

డాక్టర్ వచ్చి నోట్లోంచి పొట్టలోకి గొట్టం వేయగానే పులిసిన అన్నం వాసనతో గాలి బుస్సుమని వచ్చింది, ఉబ్బిన పక్క మెల్లగా దిగింది. "అన్నం పులిసి గాలి పట్టింది. ఎవలు పెట్టిండ్రు?"

"నేనే," అంది కోమల తల దించకుండా. "ఇగ ఎవ్వలను పెట్టనియ్య."