మెట్లకు సున్నా రోజులు

ప్రాజెక్ట్ మేనేజర్‌కు ఖాళీ గడి అంటే గిట్టదు. పట్టికలో ఒక్కటి ఖాళీగా ఉన్నా ఊడిన పన్నులా కనిపిస్తుందంటారు.

ఆ ఉదయం ఆయన అడిగిన పట్టిక చిన్నదే. కంపెనీ కొత్త భవనానికి ఒప్పందం అయ్యాక యాజమాన్యం కోరిన ప్రతి మార్పుకూ ఒక వేరియేషన్ ఆర్డర్, అంటే మార్పు ఉత్తర్వు, ఫైల్లో ఉంది. ఒక్కోటీ చదివి, పనిలో ఏం మారింది, ఖర్చు ఎంత పెరిగింది, గడువు ఎంత పెంచారు అన్నవి మూడు గడుల్లో ఎక్కించాలి. మధ్యాహ్నం చైర్మన్ అది చూసి, ఆలస్యానికి కాంట్రాక్టర్ మీద జరిమానా వెయ్యాలో వద్దో తేలుస్తారు. జరిమానా పడితే అతన్ని మళ్లీ టెండరుకు పిలిచేవారుండరు. వరండా బెంచీ మీద అతని మోకాలు ఆగకుండా ఊగుతోంది.

ఫైళ్లు చూసే అమ్మాయి కిటికీ అద్దాల మార్పు ఎక్కించింది. ప్రహరీ ఆర్డరు రెండుసార్లు కనిపిస్తే, సవరించినదే తీసుకుంది. మెట్ల దగ్గర ఆగింది. చైర్మన్ బావమరిదికి మెట్లు తన గదికి ఎదురుగా ఉండాలనిపించింది. కట్టినవి కొట్టించి జరిపించాడు. ఖర్చు రాసి ఉంది. గడువు దగ్గర మాత్రం 'తర్వాత నిర్ణయిస్తాం' అని ఉంది. ఆమె ఆ మాటే ఎక్కించింది.

"మాటలెందుకమ్మా? సున్నా పెట్టు," అన్నారు మేనేజర్.

"సున్నా అంటే గడువు ఇవ్వమని తేల్చేసినట్టు కదా సార్. ఇందులో తేల్చలేదు."

"తేల్చలేదంటే లేనట్టే. చైర్మన్‌గారు అంకె చూస్తారు తల్లీ, పురాణం వినరు."

ఆయనే ఒంటివేలితో సున్నా కొట్టారు.

మీటింగులో చైర్మన్ కళ్లద్దాలు సవరించుకుని కాంట్రాక్టర్ వైపు చూశారు. "మెట్ల వల్లే ఆలస్యమన్నారు. ఇక్కడ సున్నా రోజులని ఉందే?"

కాంట్రాక్టర్ నోరు తెరిచేలోపే బావమరిది అందుకున్నాడు. "చూశావా బావా! ఒక్క రోజూ పట్టలేదట. అయితే ఇంకోసారి జరిపిద్దాం. తలుపు తీస్తే వచ్చేపోయేవాళ్ల కాళ్లే కనిపిస్తున్నాయి. పనిలో పని, లిఫ్టు కూడా."

మేనేజర్ గబుక్కున లేచారు. "సార్, ప్రారంభోత్సవానికి కార్డులు పంచేశాం!"

"సున్నా రోజులే కదయ్యా. నీ పట్టికే చెబుతోంది," అన్నాడు బావమరిది.

"జరుపుతాను సార్," అన్నాడు కాంట్రాక్టర్ వినయంగా. "సున్నా రోజుల్లో ఎలాగో ఆ గడి నింపినవారు దగ్గరుండి చూపించాలి."

"అది... సున్నా కాదు సార్," అన్నారు మేనేజర్.

"మరెంత?"

మేనేజర్ అమ్మాయి వైపు చూశారు. ఆమె ఫైల్లోంచి ఆ ఆర్డరు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన నీళ్లు నములుతూ చదివారు: "తర్వాత నిర్ణయిస్తాం."

"ఎవరు నిర్ణయించాలి?"

"నేనే సార్."

చైర్మన్ పట్టికను వెనక్కి నెట్టారు. "సైట్ డైరీలు, పని షెడ్యూలు ముందేసుకుని లెక్క తేల్చు. అప్పటిదాకా జరిమానా ఊసెత్తొద్దు."

కాంట్రాక్టర్ మోకాలు ఊగడం ఆపింది. "ఇకమీదట ఏ మార్పుకైనా గడువు రాశాకే సుత్తి పడుతుంది సార్."

బావమరిది మూతి ముడిచాడు. "పోనీ, నా తలుపుకి కర్టెన్ వేయించండి. దానికీ గడువు రాయాలా?"

"రంగు ఒక్కసారే చెప్తే అక్కర్లేదు బాబూ," అన్నాడు కాంట్రాక్టర్.