లెక్కల్లో తొమ్మిది

స్వరాజ్యలక్ష్మి మైకు పట్టుకునేసరికే తల్లిదండ్రులతో నిండిన హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సిద్దిపేటలోని ఆ ప్రైవేటు బడికి ఆమె ప్రిన్సిపాల్. పదో తరగతి ఇంటర్నల్ మార్కులు ఆ సాయంత్రం ఐదింటికల్లా ఆన్‌లైన్‌లో బోర్డుకు పంపాలి. చుట్టుపక్కల బడులు ఇరవైకి ఇరవై ప్రసాదంలా పంచేశాయి. ఈమె మాత్రం రికార్డులన్నీ ముందేసుకుని ఒకరికి తొమ్మిది, ఒకరికి పద్నాలుగు అని దిద్దింది. ఊరందరిదీ ఒక దారి, ఈమెది ఒక దారి అని విసుక్కున్న కరస్పాండెంట్ చంద్రశేఖర్ పొద్దున్నే తేల్చేశాడు. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే ఆ లిస్టు పోతుంది, లేదంటే అందరికీ ఇరవై పడతాయి, ఆమె రాజీనామా ఇచ్చుకోవచ్చు.

ఆమె బెదరలేదు. తన మాటతో ఒప్పించగలనని ఆమెకంత ధీమా.

"గీ ఇంటర్నల్ మార్కులు ఏడాదిల నాలుగుసార్లు ఏస్తం. ప్రతిసారి నోట్సుకు అయిదు, ప్రాజెక్టుకు అయిదు, క్లాసుల పాల్గొన్నందుకు అయిదు, స్లిప్ టెస్టుకు అయిదు. నాలుగింటి సరాసరి బోర్డుకు పోతది. ప్రాజెక్టు దుకాణంల కొన్నదైతే, నోట్సు గైడు చూసి ఎక్కించిందైతే, ఇరవై వస్తయి. గని అది వాపు, బలుపు గాదు. ఎనభై మార్కుల పేపరుల పాసుకు కావాల్సిన ఇరవై ఎనిమిది రాకుంటే ఈ ఇరవై ఆదుకోవు."

బట్టల దుకాణం రత్నాకర్ లేచాడు. "పక్క బడి పిల్లలకు ఇరవై ఉంటె, మా పిల్లలేం పాపం చేసిన్రు మేడం?"

చప్పట్లు మోగాయి. చంద్రశేఖర్ గడియారం చూసుకున్నాడు.

"నష్టం లేదని నేనంటలేను," అందామె. "మొత్తం మార్కులు తగ్గుతయి. నిరుడు గా నష్టానికి భయపడే, అందరికి ఇరవై ఏసి నేనే సంతకం పెట్టిన. లెక్కలల్ల ఇరవై ఏసిన పిల్లకు పేపరుల పదిహేడే వచ్చినయి. రిజల్టు నాడు వాళ్ల బాపు వచ్చి, పిల్లకు రాదని నాకెందుకు చెప్పలే అని అడిగిండు. కంచె చేను మేసినట్టయింది."

ఆ మాట అంటుంటే ఆమెకు సిగ్గేసింది. అయినా తల దించలేదు.

వెనక వరసలో ఆ తండ్రే లేచాడు. చంద్లాపూర్‌లో కల్లుగీసే దుబ్బయ్య. చిన్నోడు దినేశ్ ఈసారి పదిలో ఉన్నాడు. హాలు సద్దుమణిగింది.

"మేడం, మావోనికి లెక్కలల్ల ఎన్నేసిన్రు?"

"తొమ్మిది, దుబ్బయ్యా."

"పరీక్షకు ఎన్ని దినాలున్నయి?"

"నలభై. రోజు బడి విడిచినంక నేనే కూసోబెట్టి చెప్పిస్త."

దుబ్బయ్య తలూపాడు. "గదే ఉండనియ్యిన్రి. నిరుడు నా బిడ్డకు ఇరవై ఇచ్చిన్రు గని, ఒక్క దినం గూడ ఇయ్యలే."

రత్నాకర్ ఇంకా నిలబడే ఉన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "మా పిల్లకు అసలుకు ఎన్నొచ్చినయి మేడం?"

చంద్రశేఖర్ ఆమె దిద్దిన లిస్టు తీసి, ఇదే పంపమని ఆమె చేతికిచ్చాడు.