సగం సిలబస్ నీది, సగం నాది

భీమవరం కాలేజీ హాస్టల్లో ఉండే దీవెనకి ఆ పరీక్షలు చావో రేవో. మొదటి సెమిస్టర్లో తప్పిన కాలిక్యులస్, ఈ సెమిస్టర్ లీనియర్ ఆల్జీబ్రా పక్కపక్క రోజుల్లోనే పడ్డాయి. రెండూ గట్టెక్కకపోతే రెండో ఏడాదిలోకి పంపరు. రూమ్మేటు హేమశ్రీదీ అదే గతి.

ఉన్నవి రెండు వారాలు. లెక్కల మాష్టారు వీరబ్రహ్మంగారు రోజూ పొద్దున ఒక సబ్జెక్టు, సాయంత్రం ఇంకోటి చేయమన్నారు. పెద్దల మాట చద్దిమూటని ఎవరు వింటారు? వీళ్ళిద్దరూ సిలబస్‌నే పంచుకున్నారు. మొదటి వారం దీవెన కాలిక్యులస్, హేమశ్రీ లీనియర్ ఆల్జీబ్రా చదవాలి. రెండో వారం ఒకరికొకరు చెప్పుకోవాలి.

దీవెన తన వంతు ముందే చెప్పింది. గరిష్ఠ కనిష్ఠాలు, లాగ్రాంజ్ పద్ధతి, డబుల్ ఇంటిగ్రల్స్, అన్నీ గొంతు పోయేలా చెప్పింది. తర్వాత హేమశ్రీ ఒక పూట మ్యాట్రిక్స్ ర్యాంకు కనుక్కోవడం చెప్పి, జ్వరమని ధవళేశ్వరంలో ఇంటికి వెళ్ళిపోయింది.

పరీక్షలు ముంచుకొచ్చినా రాలేదు. దీవెన కంగారుగా ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, హేమశ్రీ తల్లి సూర్యకళగారు ఎత్తారు.

"నేను దీవెననండి. హేమశ్రీకి జ్వరం తగ్గిందాండి ఆంటీ?"

"జ్వరమేంటమ్మా? రాజమండ్రి ట్యూషన్‌కెళ్ళింది. ఆ మ్యాట్రిక్సులేవో తను అసలు ముట్టుకోలేదంట కదా. నువ్వూ చేరావంది, రాలేదా?"

దీవెన ఫోన్ పెట్టేసింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటే ఇదే. జ్వరమని ఆ పిల్ల కోసం ప్రార్థన కూడా చేసింది. ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. మిగిలిన కాస్త వ్యవధిలో ఒంటరిగా ఐగెన్ విలువల దాకా పాక్కుంటూ వెళ్ళింది. ఐగెన్ వెక్టర్లు మాత్రం లొంగలేదు. ముందు జరిగింది లీనియర్ ఆల్జీబ్రా పరీక్షే, అందులో సగం పేపరు వాటిమీదే పడింది.

ఆ సాయంత్రం, తెల్లారితే కాలిక్యులస్ పరీక్ష అనగా, హేమశ్రీ ఏమీ ఎరగనట్టు పుస్తకం పట్టుకొచ్చింది. వినడం వేరు, చేయడం వేరు. దీవెన చెప్పిందేదీ ఆమె చేతికి రావడం లేదు.

"ఒసే, y ఏమో x నుంచి ఒకటి దాకా, x ఏమో సున్నా నుంచి ఒకటి దాకా. ఆర్డరు మారిస్తే లిమిట్లేంటే?"

చెప్పకూడదనే అనుకుంది దీవెన. కానీ లెక్క తప్పుగా చేస్తుంటే చూస్తూ ఊరుకోలేదు, అదే దాని ఖర్మ. కాగితం లాక్కుని త్రిభుజం గీసింది.

"ముందు బొమ్మ గీసుకోమని చెప్పానా? అడ్డంగా చూడు. x సున్నా నుంచి y దాకా, y సున్నా నుంచి ఒకటి దాకా."

"హమ్మయ్య. ఇంతకీ పొద్దున పేపరెలా రాశావే?"

దీవెన పెన్ను మూత పెట్టి, ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వు చెప్పినంతవరకూ బాగానే రాశాను."