గౌరవానికి ఒక్క స్టారు

హోమ్ నర్సింగ్ కంపెనీ నుంచి ఫోన్‌కి రివ్యూ ఫారం రాగానే కూతురు నడుం బిగించింది. తుంటి విరిగి మంచం పట్టిన తండ్రి పక్కనే కుర్చీ లాక్కుని, మూడు నెలల కడుపుమంటంతా అందులో వెళ్లగక్కింది.

వేళకి రావడం: ఎనిమిదింటికి రావాల్సిన అటెండెంటు తొమ్మిదింటికి ఊడిపడతాడు. రెండు స్టార్లు. శిక్షణ: చక్రాల కుర్చీకి బ్రేకులు వేశాకే నాన్నని కూర్చోబెడతాడు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతాడు, వీపు మీద ఒక్క పుండు లేదు. నాలుగు స్టార్లు ఏడుస్తూనే ఇచ్చింది. బిల్లు: మనిషే రాని ఆదివారానికీ డబ్బు వేశారు. ఒకటి. సున్నా పెట్టే వీలుంటే అదే పెట్టేది.

రోగి పట్ల గౌరవం దగ్గరికొచ్చేసరికి ఆవిడకి ఒళ్లు మండింది.

"తిన్నారా, నిద్రపట్టిందా, అన్నీ నన్నే అడుగుతాడు! ఎదురుగా ఉన్న మనిషిని అడగొద్దూ? ఒకటే!" అని పైకే చదువుతూ రాసింది.

"నన్నే అడుగుతాడే తల్లీ," అన్నాడు తండ్రి. "నేను నోరు తెరిచేలోపు నువ్వు జవాబు చెప్పేస్తావు."

కూతురి మొహం కందగడ్డయింది. అప్పుడే వేడినీళ్లు పట్టుకొచ్చిన అటెండెంటు వైపు తిరిగి, "నాన్నకి ఈమధ్య మతిమరుపులే," అంది.

అతను బకెట్ కింద పెట్టి, మంచం మీదికి వంగి, "మీకు మతిమరుపు ఉందా అండీ?" అని పెద్దాయన్నే అడిగాడు.

"ఉంది," అంది కూతురు.